రూపాయి వడ్డీ అప్పు రూపాయి ముప్పై నాలుగు పైసలెలా అయింది? బ్యాంకర్ల కమిటీలకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీల కన్వీనర్లకు, సభ్య బ్యాంకుల అధికారులకు నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. మా స్టాఫ్‌లో ఎవరు పర్సనల్ లోన్‌కి వెళ్లినా జీతం సర్టిఫికెట్టు, మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16 నా బల్ల మీదినుంచే వెళ్తాయి. లోన్ వచ్చాక కొన్ని కాగితాలు మళ్లీ అదే బల్ల మీదికి వస్తాయి, ఈసారి అనుమానాలతో. అలా వచ్చిన ఒక లోన్ లెక్కను మీ ముందు పెట్టడానికే ఈ లేఖ. అప్పిచ్చిన సంస్థ పేరు రాయడం లేదు. అది ఒక్కరి తప్పే అయితే వాళ్లకే రాసి ఊరుకునేదాన్ని.

వడ్డీ రేట్లు, ఫీజులు మీ కమిటీల చేతిలో లేవని నాకు తెలుసు. వాటిని ఏ బ్యాంకుకా బ్యాంకు నిర్ణయించుకుంటుంది, నియమాలు రిజర్వు బ్యాంకు పెడుతుంది. అయినా మీకే ఎందుకు రాస్తున్నానంటే, మూడు నెలలకోసారి రాష్ట్రంలోని బ్యాంకులన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చునేది మీ సమావేశాల్లోనే. పంట రుణాల టార్గెట్లు, డ్వాక్రా లింకేజీలు, ముద్ర రుణాలు అక్కడ చర్చకొస్తాయి. పర్సనల్ లోన్ మాత్రం ఎవరి గొడవ వారిదన్నట్టు మిగిలిపోతుంది. నేను అడగబోయే పనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఉన్న నియమాన్ని కౌంటర్ దగ్గర, తెలుగులో, సరిగా అమలు చేయిస్తే చాలు.

మా ల్యాబ్ అసిస్టెంట్ ఒకతను చెల్లెలి పెళ్లికని మూడు లక్షల లోన్‌కి అప్లై చేశాడు. ఫోన్‌లో ఏజెంటు చెప్పింది 12 శాతం, 36 నెలలు, ఈఎంఐ 9,964. అతనికది వెంటనే అర్థమైంది. నూటికి నెలకి రూపాయి వడ్డీ, అదీ తగ్గే బాకీ మీద. ఊళ్లో రెండు రూపాయలకు తక్కువ ఎవరూ ఇవ్వరు కాబట్టి సంతోషంగా ఓటీపీ చెప్పాడు. మర్నాడు బ్యాంకు మెసేజ్ చూసుకుని నా దగ్గరికొచ్చాడు.

"మేడమ్, మూడు లక్షలన్నారు. రెండు లక్షల ఎనభై మూడు వేలే పడ్డాయేంటి?"

కాగితాలు ప్రింట్ తీయించి చూశాను. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం, అంటే 6,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,080. మొత్తం 7,080. దాని కింద "లోన్ ప్రొటెక్షన్ ప్రీమియం" పేరుతో 9,920. రెండూ కలిపి సరిగ్గా 17,000 ముందే కోసేసుకుని మిగతాది ఖాతాలో వేశారు. ఈఎంఐ మాత్రం మూడు లక్షల మీదే.

ఏజెంటుకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టమన్నాను. అతను చాలా మర్యాదగానే మాట్లాడాడు. "రేటు పన్నెండే సార్, అందులో పైసా మార్పు లేదు. ప్రాసెసింగ్ అందరికీ ఉండేదే. ఇన్సూరెన్స్ మీ ఫ్యామిలీ సేఫ్టీకే కదా సార్. అది ఉంటే అప్రూవల్ కూడా ఫాస్ట్‌గా వస్తుంది."

రేటు పన్నెండే అన్న మాటలో అబద్ధం లేదు. మూడు లక్షల మీద నెలకు ఒక శాతం చొప్పున 36 నెలలకు లెక్కేస్తే ఈఎంఐ 9,964 వస్తుంది. సరిచూశాను. చిక్కంతా ఎక్కడంటే, ఆ వడ్డీ అతని చేతికి రాని డబ్బు మీద కూడా నడుస్తోంది. తీసుకున్నది 2,83,000, తీరుస్తున్నది మూడు లక్షల బాకీ. మన ఊళ్లలో రోజువారీ ఫైనాన్స్ వాళ్లు పదివేలని రాయించుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. అది అన్యాయమని అందరికీ తెలుసు, తీసుకునేవాడికి కూడా తెలుసు. ఇక్కడ కోత చిన్నది, కాగితం పెద్దది, అంతే తేడా.

అసలు రేటెంతో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఉన్నా, కంప్యూటర్లో ఎక్సెల్ ఉన్నా ఒక్క గడిలో ఇలా టైప్ చేస్తే చాలు. ముందు నెలల సంఖ్య, తర్వాత ఈఎంఐ మైనస్ గుర్తుతో, ఆ తర్వాత చేతికి నిజంగా వచ్చిన మొత్తం.

```
=RATE(36, -9964, 283000)*12
```

గడిని శాతంలోకి మార్చితే 16.1 కనబడుతుంది. మన లెక్కలో చెప్పాలంటే రూపాయి వడ్డీ అన్నది రూపాయి ముప్పై నాలుగు పైసలైంది. ఇందులో ఏ కోత వాటా ఎంతో కూడా తేల్చవచ్చు. ఇన్సూరెన్స్ లేదనుకుని 283000 బదులు 292920 వేసి చూడండి, 13.67 శాతం వస్తుంది. అంటే ప్రాసెసింగ్ ఫీజు పెంచింది 1.67 శాతం, ఇన్సూరెన్స్ పెంచింది ఇంకో 2.4 శాతం పైన.

ఇక్కడ చాలామంది, లెక్కలు వచ్చినవాళ్లు కూడా, పొరబడతారు. పదిహేడు వేలు మూడు లక్షల్లో 5.67 శాతం, మూడేళ్లకు పంచితే ఏడాదికి రెండు శాతం కూడా కాదు కదా, పన్నెండుకి అది కలిపితే పద్నాలుగు లోపే అంటారు. మా కాలేజీలో లెక్కల లెక్చరర్ ఒకాయన నాతో సరిగ్గా ఇలాగే వాదించారు. ఆ వాదన నిలబడాలంటే మూడు లక్షలూ మూడేళ్ల పాటు అతని దగ్గరే ఉండాలి. ఉండవు. మొదటి నెల నుంచే అసలు తగ్గుతూ వస్తుంది. ఈ అప్పులో 36 నెలల సగటు బాకీ లక్షా అరవై మూడు వేలు మాత్రమే. ఏడాదికి పడే 5,667 రూపాయల కోతను ఆ సగటు బాకీతో పోల్చితే మూడున్నర శాతం. పైగా ఆ కోత వాయిదాల్లో కాదు, మొదటి రోజే మొత్తంగా పోయింది. అలా మొదటి రోజే పోవడం వల్ల పడే భారం కూడా కలిస్తే నాలుగు శాతం పైకి చేరుతుంది. నేను చెబితే నమ్మలేదు గానీ, షీట్‌లో నెలవారీ బాకీ పట్టిక వేసి చూపించాక ఆయన ఒప్పుకున్నారు.

ఈ లెక్క అప్పు తీసుకునేవాడు ఇంట్లో కూర్చుని వేసుకోవాల్సిన అవసరం ఇప్పుడు ఉండకూడదు. 2024 ఏప్రిల్ 15న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ప్రతి రిటైల్ టర్మ్ లోన్‌కీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. మీరంతా కేఎఫ్‌ఎస్ అని పిలిచే ఆ కాగితంలో వడ్డీ రేటుతో పాటు ఏపీఆర్ ఉండాలి. ఏపీఆర్ అంటే వడ్డీ, ఫీజులు అన్నీ కలిపిన ఏడాది ఖర్చు, నేను పైన వేసిన లెక్కే. ఆదేశానికి జత చేసిన నమూనాలో రిజర్వు బ్యాంకే ఒక ఉదాహరణ వేసి చూపించింది. ఇరవై వేల అప్పు, 24 నెలలు, 15 శాతం వడ్డీ, 400 రూపాయల ఫీజు అయితే ఏపీఆర్ 17.07 శాతం. నాలుగు వందలే కదా అనిపించే కోత రెండు శాతం పైగా పెంచిందని వాళ్ల ఉదాహరణే చెబుతోంది.

మా ల్యాబ్ అసిస్టెంటుకు కేఎఫ్‌ఎస్ ఇవ్వలేదని నేననడం లేదు. ఇచ్చారు. పదిహేడు పేజీల పీడీఎఫ్‌లో పదకొండో పేజీ, ఇంగ్లీషులో. అందులో ఏపీఆర్ గడిలో 13.67 అని ఉంది. అంటే ప్రాసెసింగ్ ఫీజును కలిపారు, ఇన్సూరెన్స్‌ను కలపలేదు. నిర్ణీత నమూనాలో ఫీజుల పట్టికకు రెండు నిలువు వరసలుంటాయి, అప్పిచ్చే సంస్థకు చెందేవి ఒకటి, సంస్థ ద్వారా వేరేవాళ్లకు చేరేవి ఇంకొకటి. ఆ పట్టికలో ఇన్సూరెన్స్ చార్జీలకు ప్రత్యేకంగా ఒక అడ్డ వరస కూడా ఉంది. ఈ కాగితంలో ఆ వరసలో సున్నా వేశారు. డబ్బు కోసింది మాత్రం లోన్ మొత్తంలోంచే.

కస్టమర్ కేర్‌ని అడిగితే ఇన్సూరెన్స్ ఐచ్ఛికం కాబట్టి ఏపీఆర్‌లో రాదన్నారు. మీలో కొందరు కూడా ఇదే అంటారని నాకు తెలుసు, అందుకే దీని మీద కాస్త నిలబడి మాట్లాడతాను. రిజర్వు బ్యాంకు ఆదేశంలో మాట సూటిగా ఉంది. బయటి సంస్థల తరఫున అప్పిచ్చేవాళ్లు వసూలు చేసే ఇన్సూరెన్స్, లీగల్ చార్జీల వంటివి కూడా ఏపీఆర్‌లో భాగమే, వాటిని విడిగా చూపించాలి కూడా. నిజంగా ఐచ్ఛికమైతే, అతను వద్దంటే అప్పు అదే రేటుకు, అదే రోజు వచ్చి ఉండాలి. వద్దనడానికి ఒక చోటు ఉండాలి. ఆ యాప్‌లో ఇన్సూరెన్స్ గడికి ముందే టిక్కు పెట్టి ఉంది. దాన్ని తీసేస్తే "మీ అప్లికేషన్ రివ్యూకి వెళ్తుంది, సమయం పట్టవచ్చు" అని వస్తుంది. పెళ్లి పదిహేను రోజుల్లో పెట్టుకున్నవాడు ఆ టిక్కు తీస్తాడా? అడగకుండా బుట్టలో వస్తువు కలిపేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్, అంటే కొనేవాళ్లను ఏమార్చే ఆన్‌లైన్ ఎత్తుల మీది మార్గదర్శకాల్లో తప్పుడు పద్ధతుల జాబితాలో చేర్చింది. ఆన్‌లైన్‌లో చెప్పుల జత కొన్నప్పుడు తప్పయిన పని అప్పు దగ్గర మాత్రం సేవ ఎలా అవుతుంది?

ఇన్సూరెన్సే చెడ్డదని నేననను. ఇంట్లో ఒక్కడే సంపాదించేవాడు, వేరే ఏ పాలసీ లేనివాడు అప్పు చేస్తే, అతనికేదైనా అయినప్పుడు ఆ బాకీ భార్య మీదో తల్లి మీదో పడకుండా చూసే కవరు అవసరమే. అయితే దాని ధర ఎంత, అది దేనికి కవరు అన్న రెండు ప్రశ్నలు ఎవరూ అడగనివ్వరు.

ధర సంగతి చూడండి. ఈ పాలసీలో కవరు బాకీతో పాటే తగ్గుతూ పోతుంది. ఇందాక చెప్పిన సగటు బాకీ లక్షా అరవై మూడు వేలే సగటు కవరు కూడా. దానికి మూడేళ్లకు 9,920, అంటే ఏడాదికి 3,307. వెయ్యి రూపాయల కవరుకు ఏడాదికి ఇరవై రూపాయలు. మీ బ్రాంచీల్లోనే, అదే కౌంటర్ దగ్గర, ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా కింద 18 నుంచి 50 ఏళ్ల ఖాతాదారుకు రెండు లక్షల జీవిత బీమా ఏడాదికి 436 రూపాయలకు దొరుకుతుంది. వెయ్యికి రెండు రూపాయల పద్దెనిమిది పైసలు. అందులో చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం కాకుండా ఇతర కారణాలతో మరణిస్తే క్లెయిము రాదు, ఏటా జూన్ 1 రెన్యూవల్‌కి మే నెలాఖరుకే ఖాతాలో డబ్బుండాలి. ఈ రెండూ నిజమే. అయినా తేడా తొమ్మిది రెట్లు. అతని వయసు 31. ఆ 436 పథకంలో చేరమని ఆ ఫోన్ కాల్‌లో ఎవరూ అనలేదు.

ఇక కవరు దేనికన్నది. అతని సర్టిఫికెట్టు తెరిచి చదివితే, అది పేరుకు లోన్ ప్రొటెక్షనే గానీ మామూలు మరణానికి కవరు కాదు. ప్రమాద మరణం, శాశ్వత వైకల్యం, కొన్ని పెద్ద జబ్బులు, ఉద్యోగం పోతే మూడు ఈఎంఐలు. ఉద్యోగం పోవడమంటే ఏమిటో కింద చిన్న అక్షరాల్లో ఉంది. రాజీనామా చేస్తే రాదు, పనితీరు బాగాలేదని తీసేస్తే రాదు, కాంట్రాక్టు ముగిస్తే రాదు. మా కాలేజీలో ల్యాబ్ స్టాఫ్ అంతా ఏడాదికోసారి రెన్యూవల్ అయ్యే కాంట్రాక్టు మీదే ఉన్నారు. అంటే అతను డబ్బు కట్టిన ఆ మూడు ఈఎంఐల కవరు అతనికి వర్తించే అవకాశమే దాదాపు లేదు. అమ్మినవాళ్ల దగ్గర అతని ఉద్యోగ వివరాలన్నీ ఉన్నాయి, నేనిచ్చిన సర్టిఫికెట్టులోనే ఉన్నాయి.

అతని విషయంలో ఒక దారి దొరికింది. ఏడాది, అంతకు మించిన కాలానికి తీసుకున్న పాలసీని, డాక్యుమెంటు అందిన 30 రోజుల లోపు వద్దనుకుని తిప్పి పంపవచ్చు. దాన్ని ఫ్రీ లుక్ గడువంటారు. పాలసీ నంబరు, లోన్ నంబరు వేసి, షరతులు నాకు సరిపోవు అని రెండు లైన్లు రాసి నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టించాను, అప్పిచ్చినవాళ్లకి కాపీ. ఏజెంటు ద్వారా వెళ్లొద్దని గట్టిగా చెప్పాను. "చూస్తాం సార్" అనేలోపు నెల గడిచిపోతుంది. గడిచిన రోజులకు రిస్కు ప్రీమియం, స్టాంపు ఖర్చు పోను మిగిలింది వెనక్కి వచ్చింది. చేతికి కాదు, లోన్ ఖాతాలోకి జమైంది. ఈఎంఐ మారలేదు, చివరి నెలలో కట్టాల్సింది మాయమై, దాని ముందు నెలది కొంత తగ్గింది. ఒకవేళ కంపెనీ కదలకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో, అప్పిచ్చినవాళ్లు కదలకపోతే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఇచ్చి 30 రోజులు చూసి cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు. ఫీజేమీ ఉండదు. ఇవన్నీ అతనికి తెలియజేయాల్సింది నేను కాదు.

ఇంకో రకం లోన్లో కోత కూడా కనబడదు. మూడు లక్షలడిగితే మూడు లక్షలూ చేతికొస్తాయి, శాంక్షన్ మాత్రం మూడు లక్షల పద్దెనిమిది వేలకు అవుతుంది. ప్రీమియం, ఫీజు అసల్లో కలిసిపోయి ఈఎంఐలో దాక్కుంటాయి. పై ప్రీమియాన్నే అలా కలిపితే నెలకు దాదాపు 330 చొప్పున మూడేళ్లకు సుమారు 11,860 కట్టినట్టు. ప్రీమియం మీద కూడా వడ్డీ కదా. ఇలాంటి లోన్‌కీ అదే ఫార్ములా పనిచేస్తుంది, చేతికొచ్చిన మొత్తం, కట్టే ఈఎంఐ వేస్తే చాలు.

మీరు తప్పకుండా చూడాల్సింది ముందే తీర్చేసినప్పటి లెక్క. ఎందుకంటే ఏపీఆర్ గడి దాన్ని చూపించదు. ఏపీఆర్ అన్నది అప్పు చివరి వాయిదా దాకా సాగుతుందనుకుని వేసిన లెక్క. మొదటి రోజు కోసిన 17,000 మూడేళ్లకు పంచితే 16.1 అయింది. ఏడాదికే తీర్చేస్తే అదంతా ఒక్క ఏడాది మీదే పడుతుంది. పన్నెండు ఈఎంఐలు కట్టాక ఈ అప్పులో బాకీ 2,11,675. చార్జీల షెడ్యూలు ప్రకారం ముందే మూసేందుకు చార్జీ నాలుగు శాతం, దాని మీద జీఎస్టీ, కలిపి 9,991. ప్రీమియం ఏమీ వెనక్కి రాలేదనుకుంటే లెక్క ఇది:

```
=RATE(12, -9964, 283000, -221666)*12
```

జవాబు 22.7 శాతం. నెలకు దాదాపు రూపాయి తొంభై పైసలు. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి పది పైసలే తక్కువ. ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు తీసుకున్న వ్యాపారేతర అప్పులకు ముందస్తు చార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్సెడ్ రేటువి కాబట్టి ఆ రక్షణ వీటికి దక్కదు. ఏడాది తిరగ్గానే ఇంకో ఏజెంటు ఫోన్ చేసి "మీ లోన్ మాకు మార్చుకోండి, పదకొండు శాతానికే ఇస్తాం, పైన టాపప్ కూడా" అంటాడు. పన్నెండు నుంచి పదకొండుకు దిగుతున్నానని జనం మారతారు. పాతదానికి మూసే చార్జీ, కొత్తదానికి మళ్లీ ప్రాసెసింగ్, మళ్లీ ప్రొటెక్షన్. మా స్టాఫ్‌లో ఇలా నాలుగేళ్లలో మూడు చోట్లకు మారినవాళ్లున్నారు, ఒక్కసారి కూడా రేటు పెరగలేదు, అప్పు మాత్రం తరగలేదు. కట్టాల్సిన కాలం తక్కువగా పెట్టుకున్నా ఇంతే. ఇదే మూడు లక్షలు ఇదే పన్నెండు శాతానికి ఏడాది కాలానికి తీసుకుంటే, ఇన్సూరెన్స్ లేకుండా ఒట్టి ప్రాసెసింగ్ ఫీజుతోనే నిజమైన రేటు 16.6 శాతం. ఫీజు లేకుండా 15 శాతానికి ఇచ్చేవాడు ఉంటే అతనే చవక. బోర్డు మీద రేట్లు పోల్చుకునేవాడికి ఇది ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు నేను అడిగేవి చెబుతాను.

ఇన్సూరెన్స్ కలిపిన లోన్ ప్రతిదానికీ కేఎఫ్‌ఎస్‌లో రెండు ఏపీఆర్‌లు పక్కపక్కనే ఉండాలి, ఇన్సూరెన్స్‌తో ఒకటి, లేకుండా ఒకటి. 16.1, 13.67 అని ఒకే వరసలో కనబడితే చాలు, మిగతా ఉపన్యాసమేదీ అక్కర్లేదు. ఐచ్ఛికం అన్న మాటకు అప్పుడే అర్థముంటుంది. మీ సాఫ్ట్‌వేర్‌కు ఇది పెద్ద పని కాదు, నా ఫోన్‌లో షీట్ చేస్తున్న పనే. ఇన్సూరెన్స్ అంగీకారం లోన్ అంగీకారంతో కలిపి ఒకే ఓటీపీలో తీసుకోకూడదు. లోన్ శాంక్షన్ అయ్యాక, వద్దన్నా రేటు మారదని చెప్పాక విడిగా అడగాలి.

కేఎఫ్‌ఎస్ తెలుగులో ఇవ్వాలి. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, అందులో ఉన్నది వివరించి, అర్థమైందని వారి దగ్గర తీసుకోవాలని ఆదేశంలోనే ఉంది. మన రెండు రాష్ట్రాల్లో అది ఏ భాషో కమిటీ వేసి తేల్చనక్కర్లేదు. ఒక ప్రామాణిక తెలుగు నమూనా మీ కమిటీయే ఖాయం చేసి అన్ని బ్యాంకులకూ పంపితే, ఒక్కో బ్యాంకు ఒక్కో రకంగా అనువాదం చేయించి ఎవరికీ అర్థంకాకుండా చేసే బాధ తప్పుతుంది. అగ్రిమెంటు పీడీఎఫ్ మధ్యలో పదకొండో పేజీగా కాదు, విడిగా, ముందుగా.

ముందుగా అని ఎందుకంటున్నానంటే, ఏడు రోజులు, అంతకన్నా ఎక్కువ కాలం ఉండే అప్పుకు కేఎఫ్‌ఎస్ ఇచ్చాక కనీసం మూడు పనిదినాలు అప్పు తీసుకునేవారికి ఆలోచించుకునే గడువుంది. ఆ మూడు రోజుల్లో ఒప్పుకుంటే అందులో రాసిన షరతులకే అప్పిచ్చినవాళ్లు కట్టుబడాలి. అది జనానికి ఇచ్చిన హక్కు. ఆచరణలో కేఎఫ్‌ఎస్, ఒప్పందం, ఓటీపీ మూడూ నాలుగు నిమిషాల్లో ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. "ఆఫర్ ఈ రోజు సాయంత్రం దాకానే" అని ఏజెంటు అంటాడు. అది తప్పని అతనికి చెప్పాల్సింది మీరే. తొందరున్నవాడు అప్పటికప్పుడే ఒప్పుకుంటానంటే నేను అడ్డు చెప్పను. కానీ ఆ కాగితం పట్టుకుని ఇంకో బ్యాంకుకు వెళ్లి పోల్చుకునే వీలుందని ఒక్క లైను తెలుగులో మెసేజ్ పంపండి.

బ్రాంచిలో "10.99 శాతం నుంచి" అని పెట్టే బోర్డు కింద, అదే సైజు అక్షరాల్లో, మూడు లక్షలకు మూడేళ్లకు మామూలుగా పడే ఏపీఆర్, ఏడాదికే మూసేస్తే పడే రేటు రాయించండి. ఆ "నుంచి" ఎంతమందికి దక్కిందో కూడా రాయిస్తే మరీ మంచిది, అది ఆశ మాత్రమేననుకోండి. బ్యాంకులు కాని అప్పుల సంస్థలు, అంటే ఎన్‌బీఎఫ్‌సీలు, యాప్‌లు మీ బల్ల దగ్గర కూర్చోవని నాకు తెలుసు. వాళ్లు చేస్తున్నారు కాబట్టి మేమూ చేస్తున్నామన్నది మాత్రం జవాబు కాదు. పైగా ఆ సంస్థలు చాలావాటికి డబ్బు సర్దేది మీ బ్యాంకులే.

రాబోయే త్రైమాసిక సమావేశంలో ఈ అంశం ఎజెండాలో పెట్టి, మినిట్స్‌లో రాయాలని రెండు కమిటీల కన్వీనర్లనూ కోరుతున్నాను. ఇన్సూరెన్స్ కలిపి ఇచ్చిన పర్సనల్ లోన్లు ఎన్ని, వాటిలో ఎన్నింటి ఏపీఆర్‌లో ఆ ప్రీమియం కలిసింది, ఎందరు ఫ్రీ లుక్‌లో వెనక్కిచ్చారు అన్న మూడు అంకెలు బ్యాంకుల వారీగా తెప్పించి మీ వెబ్‌సైట్లో పెట్టండి. నేను వాడిన షీట్, కేఎఫ్‌ఎస్ నకలు, అతని పేరు, ఖాతా నంబరు తీసేసి ఈ లేఖతో పాటు రెండు కమిటీల కార్యాలయాలకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. లెక్కలో తప్పుంటే చూపించండి, దిద్దుకుంటాను. తప్పు లేకపోతే 13.67 అని రాసిన గడిలో 16.1 ఎందుకు లేదో రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
ఒక అకౌంటెంటు,
గుంటూరు జిల్లా